పీపీటీలో లేని ప్రశ్నలు

ఏ కంపెనీ అయినా కొత్త సరుకునో సేవనో జనంలోకి వదిలే ముందు లోపల ఒక పీపీటీ తిరుగుతుంది. ఆఫీసుల్లో దాన్ని లాంచ్ డెక్ అంటారు. ఇరవయ్యో ముప్పయ్యో స్లైడ్లు, పెద్ద పెద్ద అక్షరాలు, నవ్వు ముఖాల ఫొటోలు, పైకి ఎగబాకే గీతలు ఉంటాయి. మార్కెటింగ్ వాళ్లు, సేల్స్ వాళ్లు, పై మేనేజర్లు అందరూ చూసి బాగుందనుకున్నాక అదే ఫైలు కస్టమర్ సపోర్ట్ టీమ్‌కు వస్తుంది. దానితోపాటు రెండు ముక్కల మెయిల్ ఒకటి: సోమవారం లాంచ్, దీన్నిబట్టి ఎఫ్‌ఏక్యూ తయారు చేసుకోండి అని.

ఎఫ్‌ఏక్యూ అంటే జనం తరచుగా అడిగే ప్రశ్నలూ వాటి జవాబులూ రాసిపెట్టుకున్న పత్రం. మనం టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి విషయం చెప్పగానే అవతలి అమ్మాయి "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్" అంటుందే, ఆ నిమిషంలో ఆమె వెతికేది అందులోనే. అక్కడ సరైన జవాబు దొరికితే మన పని అయిపోతుంది. దొరక్కపోతే ఆమె తనకు తోచింది చెబుతుంది, లేదా కాల్ ఇంకొకరికి తోస్తుంది, లేదా టికెట్ నంబరిచ్చి రెండు రోజులాగమంటుంది.

చాలాచోట్ల ఈ పత్రాన్ని తయారుచేసే తీరు చూస్తే బాధేస్తుంది. స్లైడ్ మీద ఉన్న శీర్షిక తీసుకుని చివర ప్రశ్నార్థకం తగిలిస్తారు. కింద ఉన్న మూడు పాయింట్లను జవాబుగా అతికిస్తారు. "ఈ కొత్త సదుపాయం వల్ల లాభాలేమిటి?" అనే ప్రశ్న అలాగే పుడుతుంది. ఏ కస్టమరూ ఫోన్ చేసి ఆ ప్రశ్న అడగడు. లాభాలు తెలుసుకోవాలని పది నిమిషాలు మ్యూజిక్ వింటూ లైన్‌లో కూర్చునేవాళ్లు ఎవరుంటారు? డబ్బు పోయిందనో, పని జరగలేదనో, భయమేసిందనో ఫోన్ చేస్తారు.

పీపీటీ నుంచి పనికొచ్చే ఎఫ్‌ఏక్యూ ఎలా తీస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. అందరికీ తెలిసిన యూపీఐ లైట్‌నే తీసుకుందాం.

చిన్న చిన్న చెల్లింపులు పిన్ కొట్టకుండా చేసుకోవడానికి వచ్చిన ఏర్పాటు ఇది. ఎన్‌పీసీఐ దీన్ని 2022 సెప్టెంబరులో తెచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి కొంత మొత్తాన్ని ముందే ఫోన్‌లోని లైట్‌కు మార్చుకోవాలి. అప్పుడు యూపీఐ పిన్ కొట్టాలి. ఆ తర్వాత టీ కొట్టు దగ్గరా కూరగాయల బండి దగ్గరా కట్టేటప్పుడు పిన్ అడగదు. ఇప్పుడున్న పరిమితి ప్రకారం ఒక్కసారికి 1,000 రూపాయల దాకా కట్టొచ్చు, లైట్‌లో మొత్తం 5,000 దాకా ఉంచుకోవచ్చు.

ఒక బ్యాంకు తన యాప్‌లో దీన్ని కొత్తగా పెడుతోందనుకుందాం. పీపీటీ సపోర్ట్ టీమ్ చేతికొచ్చింది. బ్యాంకూ పీపీటీ ఊహించుకున్నవే గానీ, ఇలాంటి స్లైడ్లు చూసినవాళ్లు గుర్తుపడతారు. లైట్ నియమాలు మాత్రం ఉన్నవే.

స్లైడ్ వినిపించే తీరు

నాలుగో స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో "పిన్ అక్కర్లేదు, ఒక్క ట్యాప్ చాలు" అని ఉంది. పీపీటీ చేసినాయనకు ఇది వరం. ఫోన్ చేసే కస్టమరుకు ఇదే భయం. "పిన్ లేకుండా డబ్బులు పోతాయటగా, ఫోన్ ఎవడైనా లాక్కుంటే నా ఖాతా ఖాళీయేనా?" అన్నది అతని ప్రశ్న. స్లైడ్ మీద ఉన్న ప్రతి గొప్పనూ ఇలా తిరగేసి చూడటమే మొదటి పని. ఈ మాట విని ఎవరు భయపడతారు, ఎవరు తప్పుగా అర్థం చేసుకుంటారు, ఎవరికి ఇది వర్తించదు అని మూడు ప్రశ్నలు వేసుకుంటే ఒక్కో స్లైడ్ నుంచి నాలుగైదు అసలు ప్రశ్నలు బయటపడతాయి.

జవాబు తేలికే అనిపిస్తుంది: లైట్‌లో ఉన్న డబ్బు వరకే పిన్ లేకుండా పోతుంది, ఖాతాలో మిగిలిన డబ్బుకు పిన్ కావాలి, కాబట్టి ఎంత పోయినా 5,000 దాటదు. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు.

తొమ్మిదో స్లైడ్ దాకా చదివినవాళ్లు ఆపరు. ఆ స్లైడ్‌లో ఆటో టాప్‌అప్ గురించి ఉంది. లైట్‌లో డబ్బు కస్టమర్ పెట్టుకున్న హద్దు కంటే తగ్గితే, అతను ముందే చెప్పినంత మొత్తం ఖాతా నుంచి దానంతటదే వచ్చి చేరుతుంది. దీనికి వీలు కల్పిస్తామని రిజర్వ్ బ్యాంకు 2024 జూన్‌లో ప్రకటించింది. మొదట ఒప్పుకునేటప్పుడు పిన్ కొడతారు, తర్వాత ప్రతిసారీ అడగదు. ఒక కస్టమర్ 500 కంటే తగ్గగానే 2,000 వేయమని పెట్టుకున్నాడనుకోండి. ఫోన్ దొంగ చేతిలో పడి, లాక్ కూడా తీసి ఉంటే, లైట్ ఖాళీ అవుతున్న కొద్దీ ఖాతా నుంచి నిండుతుంది. "5,000 దాటదు" అన్న జవాబు అతని విషయంలో అబద్ధం.

నాలుగో స్లైడ్ తప్పు చెప్పలేదు, తొమ్మిదో స్లైడూ చెప్పలేదు. రెండూ కలిసినచోట తప్పు పుట్టింది. పీపీటీలో ఒక్కో స్లైడ్ ఒక్కో సదుపాయాన్ని విడిగా చూపిస్తుంది. కస్టమర్ ఫోన్‌లో అన్నీ ఒకేసారి పనిచేస్తుంటాయి. అందుకే ఎఫ్‌ఏక్యూ రాసేవాళ్లు సదుపాయాలను రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి చూడాలి. జవాబు ఇలా మారుతుంది: ఆటో టాప్‌అప్ పెట్టుకోకపోతే లైట్‌లో ఉన్నంతే పోతుంది, పెట్టుకుంటే ఖాతా నుంచి ఇంకా రావచ్చు కాబట్టి వెంటనే దాన్ని ఆపించాలి. ఏజెంట్ మొదట అడగాల్సింది కూడా తేలిపోయింది: "సార్, మీరు ఆటో టాప్‌అప్ పెట్టుకున్నారా?"

ఆరో స్లైడ్‌ది ఇంకో రకం తంటా. "రద్దీ వేళల్లోనూ ఆగని చెల్లింపు" అని రాశారు. ఇందులో నిజముంది. మామూలు యూపీఐలో ప్రతి చెల్లింపుకీ బ్యాంకు ప్రధాన సర్వర్ అప్పటికప్పుడు ఖాతా చూసి డబ్బు తీయాలి. లైట్‌లో ఆ మెట్టు ఉండదు, డబ్బు ముందే పక్కకు వచ్చేసి ఉంటుంది గనక. ఖాతా సర్వర్ మీద ఒత్తిడి ఉన్నా పని నడుస్తుంది. జనానికి మాత్రం అది "నెట్ లేకపోయినా పనిచేస్తుంది" అని వినిపిస్తుంది. లైట్‌కు ఇంటర్నెట్ కావాలి. నెట్ లేకుండా రెండు ఫోన్లను దగ్గరపెట్టి కట్టేది లైట్ ఎక్స్ అని వేరే ఉంది, 2023 సెప్టెంబరులో వచ్చింది, దానికి ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉండాలి. ఈ బ్యాంకు పీపీటీలో లైట్ ఎక్స్ ఊసే లేదు. అయినా ప్రశ్న వస్తుంది. పేరులో ఒక్క అక్షరమే తేడా మరి. పీపీటీలో లేని సరుకు గురించి కూడా ఎఫ్‌ఏక్యూలో రాయాల్సి వచ్చేది ఇలాంటప్పుడే.

ఒక జవాబు, మూడు ముసాయిదాలు

ఏడో స్లైడ్ చెప్పేది ఇది: "చిల్లర ఎంట్రీలు లేని శుభ్రమైన పాస్‌బుక్." రోజుకు పదిసార్లు పది, ఇరవై రూపాయలు కట్టేవాళ్ల పాస్‌బుక్ పేజీలకు పేజీలు నిండిపోవడం నిజమే. లైట్ వాడితే ఖాతా నుంచి లైట్‌కు మారిన మొత్తం ఒక్కటే పాస్‌బుక్‌లో పడుతుంది. చిన్న చెల్లింపుల చిట్టా యాప్‌లో ఉంటుంది.

దీని మీద వచ్చే కాల్ ఎలా ఉంటుందో కాల్ సెంటర్‌లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. "మా అకౌంట్ల రెండు వేలు కట్ అయినయ్. ఎవలకు పోయినయో పాస్‌బుక్కుల లేదు. మీరే ఏందో చేసిన్రు."

ఈ ప్రశ్నకు రాసిన మొదటి ముసాయిదా ఇలా ఉంటుంది: "యూపీఐ లైట్ మీ పాస్‌బుక్‌ను శుభ్రంగా ఉంచేందుకు చిన్న లావాదేవీలను విడిగా చూపదు. ఇది మీ సౌకర్యం కోసమే." స్లైడ్‌ను తెచ్చి దింపారు. రెండు వేలు ఏమయ్యాయో తెలియక ఆందోళనలో ఉన్న మనిషికి ఇది మీ సౌకర్యం కోసమే అని చెబితే ఆ కాల్ సూపర్‌వైజర్ దాకా పోకుండా ఆగదు.

ఐటీ టీమ్‌ను అడిగి రాసింది రెండో ముసాయిదా: "లైట్ లోడ్ లావాదేవీ మాత్రమే కోర్ బ్యాంకింగ్‌లో డెబిట్‌గా నమోదవుతుంది. తదుపరి చెల్లింపులు లైట్ లెడ్జర్‌లో ఉంటాయి." అక్షరం తప్పు లేదు. కానీ ఏజెంట్ దీన్ని మనసులో అనువదించుకుని చెప్పాలి. హెడ్‌ఫోన్‌లో ఒకరు అరుస్తుండగా ఆ పని జరగదు.

మూడోది మాట్లాడే భాషలోకి వచ్చింది: "ఆ రెండు వేలు ఎవరికీ పోలేదమ్మా. మీ ఫోన్‌లో ఉన్న లైట్‌కే మారాయి. అందులోంచి మీరు కట్టినవన్నీ యాప్‌లో లైట్ దగ్గర కనిపిస్తాయి." బాగుంది. వినసొంపుగా ఉంది. చాలామంది ఇక్కడ సంతృప్తిపడి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. నా లెక్కన మూడింట్లోకీ ప్రమాదకరమైనది ఇదే.

ఎందుకంటే ఏజెంట్ ఇంకా ఏదీ చూడలేదు. ఆ రెండు వేలు నిజంగానే మోసగాడి చేతికి పోయి ఉంటే? "ఎవరికీ పోలేదు" అని బ్యాంకు మనిషే ధీమాగా చెప్పి ఫోన్ పెట్టేసినట్టవుతుంది. సైబర్ మోసంలో ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ గంటలన్నీ మన ఎఫ్‌ఏక్యూ తినేస్తుంది.

అందుకని చివరికి నిలబడిన జవాబు "ముందు చూడు, తర్వాత చెప్పు" అనే వరసలో వచ్చింది. ఏజెంట్ మొదట తన తెరమీద ఆ రెండు వేల ఎంట్రీ పక్కన వివరం చదవాలి. లైట్‌కు మారినట్టు ఉంటే పై మాటలు చెప్పి, కస్టమర్ యాప్‌లో చిట్టా ఎక్కడుందో దగ్గరుండి తెరిపించాలి. ఆ చిట్టాలో తాను కట్టనివి ఉన్నాయంటే, లేదా ఎంట్రీలో లైట్ పేరే లేకపోతే, ఇది వేరే కథ. అప్పుడు లైట్ గురించి వివరించడం ఆపి మోసం ఫిర్యాదుల విభాగానికి కలపాలి, కస్టమర్‌ను 1930కి కూడా వెంటనే ఫోన్ చేయమనాలి. ఏ దశలోనూ పిన్ గానీ ఓటీపీ గానీ అడగకూడదు. ఈ చివరి మాట ఏజెంట్లందరికీ తెలిసిందే. అయినా డబ్బు సంగతి ఉన్న ప్రతి జవాబు కిందా రాస్తారు, రాయాలి కూడా.

ఒక్క స్లైడ్‌లోని చిన్న వాక్యం ఇంత పని పెట్టింది. ముప్పై స్లైడ్లకూ ఇంతే పడుతుందని కాదు. ఏడెనిమిది ప్రశ్నల దగ్గర మాత్రం ఇంత ఆగాలి. అవి ఎక్కడున్నాయో తెలుసుకోవడం సులువే: డబ్బు, భద్రత, వెనక్కి తీసుకోలేని పని, ఈ మూడింట్లో ఏది తగిలినా ఆగాలి. యాప్‌లో బటన్ ఏ రంగులో ఉంటుందన్న ప్రశ్నకు ఒక వాక్యం చాలు.

ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న

ఈ పని చేసే మనిషి ముందు ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. అందులో ప్రశ్న, జవాబు అన్న రెండు కాలమ్‌లే ఉంటే అది సగం పనే. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చింది, దానికి బాధ్యులెవరు, ఏ తేదీన సరిచూశారు అన్న మూడూ ఉండాలి. ఎక్కడి నుంచి అన్న కాలమ్‌లో నాలుగో స్లైడ్ అనో, ఎన్‌పీసీఐ సర్క్యులర్ అనో, టెస్టింగ్‌లో కళ్లారా చూశాం అనో రాస్తారు. ఏమీ రాయలేకపోతే ఆ జవాబు ఎవరి ఊహో అని అర్థం.

కాలమ్ ఖాళీగా మిగిలే ప్రశ్నల్లో పెద్దది ఫోన్ పోవడం గురించి. లైట్ డబ్బు ఫోన్‌తో ముడిపడి ఉంటుంది. ఫోన్ మార్చేటట్టయితే ముందు పాత ఫోన్‌లో లైట్‌ను ఆపేయాలి. ఆపగానే మిగిలిన డబ్బు ఖాతాలోకి తిరిగొస్తుంది. ఇంతవరకు పన్నెండో స్లైడ్‌లో ఉంది. మరి ఫోనే పోతే? పాత ఫోన్ నీళ్లలో పడి తెరుచుకోకపోతే? లైట్ ఆపకుండానే ఎవరైనా యాప్ తీసేస్తే? స్లైడ్లన్నీ వెతికినా జవాబు లేదు.

ప్రొడక్ట్ మేనేజర్‌ను అడిగితే ఆపరేషన్స్ వాళ్లు చూసుకుంటారంటాడు. ఆపరేషన్స్ వాళ్లు యాప్ టీమ్ పేరు చెబుతారు. యాప్ టీమ్ అది ఎడ్జ్ కేస్ అంటుంది, అంటే ఎప్పుడో గానీ జరగదని. ఫోన్లు పోవడం, పగలడం ఈ దేశంలో ఎప్పుడో జరిగే సంగతా? లక్షల మంది వాడే సదుపాయంలో ఎడ్జ్ కేస్ అన్నది కాల్ సెంటర్‌కు రోజువారీ కాల్.

ఇక్కడ సపోర్ట్ టీమ్‌లో రాసేవాళ్లకు ఒక ఆశ పుడుతుంది, తామే ఏదో ఒకటి రాసేద్దామని. "మీ డబ్బు మూడు పనిదినాల్లో తిరిగొస్తుంది" అన్న వాక్యం ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది. రాయకూడదు. ఎఫ్‌ఏక్యూలో రాసిన గడువు ఏజెంట్ నోట కస్టమర్‌కు చేరాక అది బ్యాంకు ఇచ్చిన మాట అవుతుంది. కాల్ రికార్డవుతూ ఉంటుంది. నాలుగో రోజున అదే రికార్డు ఫిర్యాదుకు ఆధారమవుతుంది. నెల లోపల బ్యాంకు సరైన జవాబివ్వకపోతే కస్టమర్ రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు.

అసలు జవాబు వచ్చేదాకా తాత్కాలిక జవాబొకటి పెడతారు. అందులో తెలిసినవి మాత్రమే ఉంటాయి: ముందు సిమ్‌ను, యూపీఐని బ్లాక్ చేయించాలి, ఆటో టాప్‌అప్ ఉంటే ఆపించాలి, లైట్ బ్యాలెన్స్ కోసం ఫలానా కోడ్‌తో టికెట్ తీయాలి, డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుందో ఇప్పుడే చెప్పకూడదు. దాని పక్కన ఒక పేరు, ఒక తేదీ ఉంటాయి. ఆ తేదీకల్లా జవాబు తేవాల్సిన మనిషి పేరది. "టీమ్" అని రాస్తే జవాబు రాదు, మనిషి పేరు రాస్తేనే వస్తుంది.

నా అభిప్రాయంలో పీపీటీ నుంచి ఎఫ్‌ఏక్యూ తీయడంలో కంపెనీకి దక్కే అసలు లాభం ఈ ఖాళీ గళ్లే. లాంచ్‌కు పది రోజుల ముందు ఇవి బయటపడితే యాప్‌లో ఒక హెచ్చరికైనా పెట్టొచ్చు: యాప్ తీసేసే ముందు లైట్‌ను ఆపండి అని. లాంచ్ ముందురోజు రాత్రి బయటపడితే చేయగలిగేది ఏమీ ఉండదు. అందుకే ఈ పని మొదలుపెట్టాల్సింది పీపీటీ ఇంకా ముసాయిదాగా ఉన్నప్పుడే.

వదిలేయాల్సిన స్లైడ్లు, పట్టుకోవాల్సిన అడుగు గీతలు

పీపీటీలో కొన్ని స్లైడ్లు ఎఫ్‌ఏక్యూ గుమ్మం తొక్కకూడదు. పోటీ బ్యాంకులతో పోలిక, ఏడాదిలో ఇంతమంది వాడాలన్న లక్ష్యం, ఖర్చు ఎంత తగ్గుతుందన్న లెక్క, ఇవన్నీ లోపలి సంగతులు. వీటికంటే చికాకు పెట్టేది "త్వరలో" అన్న స్లైడ్. వచ్చే మూడు నెలల్లో ఇది, ఆరు నెలల్లో అది అని ఉంటుంది. ఏజెంట్ మంచి మనసుతో "అదీ వస్తుందండీ, త్వరలోనే" అంటాడు. కస్టమర్ నెల తర్వాత మళ్లీ ఫోన్ చేసి ఏదీ అని అడుగుతాడు. దీనికి ఎఫ్‌ఏక్యూలో ఉండాల్సిన జవాబు ఒక్కటే: ఈ సదుపాయం ఇప్పుడు లేదు.

మరోవైపు, అందరూ వదిలేసే చోట్లే అసలు సమాచారం దాక్కుని ఉంటుంది. స్లైడ్ అడుగున చిన్న నక్షత్రం గుర్తు పక్కన "కొన్ని ఖాతాలకు మాత్రమే" అని ఉంటుంది. ఏ ఖాతాలకు? జాయింట్ ఖాతాలకు ఉందా? స్పీకర్ నోట్స్‌లో, అంటే తెరమీద కనపడకుండా మాట్లాడేవాళ్ల కోసం రాసుకున్నచోట, "ఐఫోన్‌లో రెండు వారాలు ఆలస్యం" అని ఉంటుంది. ఫైలును పీడీఎఫ్ చేసి పంపితే మామూలుగా ఆ నోట్స్ రావు. కాబట్టి మొదట అడగాల్సింది అసలు ఫైలు. లాంచ్ మీటింగ్ రికార్డింగ్ కూడా దొరికితే చివరి పావుగంట వినాలి. బ్రాంచ్ మేనేజర్లు అడిగే ప్రశ్నలు అక్కడుంటాయి. రోజూ కౌంటర్ ముందు జనంతో మాట్లాడేవాళ్లు గనక వాళ్ల ప్రశ్న దాదాపు కస్టమర్ ప్రశ్నే.

పాత టికెట్లు ఇంకో గని. అంతకుముందు ఏదైనా వాలెట్ తెచ్చినప్పుడు మొదటి నెలలో ఏం అడిగారో తీసి చూస్తే, కొత్తదానికీ సగం ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. లైట్ విషయంలో ఒకటి తప్పకుండా దొరుకుతుంది: రిఫండ్. లైట్ నుంచి కట్టిన డబ్బు దుకాణదారు వెనక్కి ఇస్తే అది లైట్‌లోకి రాదు, బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. ఎవరైనా మనకు డబ్బు పంపినా అంతే, లైట్‌లో పడదు. కస్టమర్ లైట్ తెరిచి చూసుకుని రిఫండ్ రాలేదని ఫోన్ చేస్తాడు. పీపీటీలో ఇది ఒక బొమ్మలో బాణం గుర్తుగా ఉంది, మాటల్లో ఎక్కడా లేదు.

చెవికి పెట్టే పరీక్ష

రాయడం అయ్యాక పీపీటీ చూడని ఏజెంట్ ఒకరిని కూర్చోబెట్టాలి. వారం క్రితం చేరిన అమ్మాయైతే మరీ మంచిది. ఒకరు కస్టమర్‌గా మాట్లాడతారు, ఆమె వెతికి జవాబు చెప్పాలి. చూడాల్సింది రెండే. జవాబు దొరకడానికి ఎంతసేపు పట్టింది, దొరికినదాన్ని ఉన్నదున్నట్టు చదవగలిగిందా.

దొరక్కపోవడానికి కారణం చాలాసార్లు మాట తేడానే. పత్రంలో "లావాదేవీ విఫలమైతే" అని ఉంటుంది. ఆమె వెతికేది "పైసలు కట్ అయినయ్" అని, లేదా "డబ్బులు పోయాయి" అని. హైదరాబాద్‌లో కూర్చుని కరీంనగర్ కాలూ కాకినాడ కాలూ ఒకే పూట తీసుకునే టీమ్‌కు రెండు మాటలూ కావాలి. అందుకే ప్రతి ప్రశ్న కింద జనం వాడే మాటలు నాలుగైదు పెట్టాలి, కట్, డెబిట్, పోయాయి, ఎగిరిపోయాయి అని. కస్టమర్‌కు కనిపించదు గానీ వెతికితే తగులుతుంది.

జవాబు మొదటి వాక్యంలోనే విషయం తేలాలి. అవును, కాదు, చేయొచ్చు, కుదరదు. షరతు ఆ తర్వాత. యాప్‌లో ఎక్కడ నొక్కాలో ఆ తర్వాత. ఎప్పుడు పై వాళ్లకు పంపాలో చివర. నెట్ లేకుండా లైట్ పనిచేస్తుందా అన్నదానికి "పనిచేయదండి, నెట్ ఉండాలి" అని మొదలవ్వాలి. సర్వర్ కథ అడిగితేనే చెప్పాలి.

ఇక అంకెలు. లైట్ వచ్చిన కొత్తలో ఒక్కసారికి పరిమితి 200 రూపాయలు. 2023 ఆగస్టులో 500 అయింది. 2024 డిసెంబరులో 1,000కి పెంచారు, అప్పుడే మొత్తం నిల్వ 2,000 నుంచి 5,000కి పెరిగింది. రెండేళ్లు దాటగానే అంకె రెండుసార్లు మారిందన్నమాట. ఆ 200ను పత్రంలో ఏడెనిమిది జవాబుల్లో టైపు చేసి పెట్టుకున్నవాళ్లు ప్రతిసారీ అన్నీ వెతికి మార్చాలి. ఒకటి మిగిలిపోతుంది. ఒక ఏజెంట్ 500 అంటాడు, ఇంకొకతను 1,000 అంటాడు, కస్టమర్ ఇద్దరినీ నమ్మడు. పరిమితులన్నీ ఒక్క జవాబులోనే ఉంచి, మిగతాచోట్ల "పరిమితి జవాబు చూడండి" అని పెట్టుకుంటే మార్చాల్సింది ఒకేచోట.

లాంచ్ అయిన మొదటి వారం రోజూ సాయంత్రం ఒక పని ఉంటుంది. ఆ రోజు వచ్చిన కాల్స్‌లో ఎఫ్‌ఏక్యూలో దొరకనివి ఏవి, దొరికినా కస్టమర్ మళ్లీ ఫోన్ చేసినవి ఏవి అని చూడటం. రెండో రకం ఎక్కువ మాట్లాడుతుంది. జవాబు ఉందిగానీ అది పనిచేయలేదన్నమాట. ఇంకో గుర్తుంది, లెక్కల్లో కనపడదు, ఫ్లోర్ మీద నడిస్తే కనపడుతుంది. ఏజెంట్ల మానిటర్ల అంచుకు చిన్న చిన్న పసుపు కాగితాలు అంటించి ఉంటే, వాళ్లు ఎఫ్‌ఏక్యూను వదిలేసి సొంత జవాబులు రాసుకున్నారని తెలుసుకోవాలి. ఆ కాగితాలు పీకించే టీమ్ లీడ్లు ఉన్నారు. పీకేముందు వాటిని చదివితే ఎఫ్‌ఏక్యూలో ఏం సరిచేయాలో అక్కడే రాసి ఉంటుంది.

లాంచ్ పీపీటీలు తయారుచేసేవాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే ఒక విన్నపం. చివరి స్లైడ్‌లో "ధన్యవాదాలు" అని పూల బొమ్మ పెట్టే బదులు, ఏ సంగతికి ఎవరిని అడగాలో పేర్లూ ఫోన్ నంబర్లూ పెట్టండి. సపోర్ట్ టీమ్ మొదట తెరిచేది ఆ స్లైడే.